వంద రూపాయల పెంపు, ఒక చిన్న నోటీసు

‘వచ్చే నెల నుంచి ఫీజు పెరుగుతుంది, సహకరించగలరు.’ వీధి చివరి ట్యూషన్ సెంటర్ల నుంచి వాట్సాప్ గ్రూపులోకి వచ్చే నోటీసు చాలాసార్లు ఇంతే ఉంటుంది. ఎంత పెరిగింది, ఎందుకు పెరిగింది అన్నది తల్లిదండ్రులు ఊహించుకోవాలి. ఊహ ఎప్పుడూ ‘డబ్బాశ’ దగ్గరే ఆగుతుంది.

అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో, ఆరు నుంచి పదో తరగతి దాకా 40 మందికి చెప్పే సెంటర్ ఒకటి ఉందనుకుందాం. నెల ఫీజు 800 రూపాయలు, వసూలు 32,000. ఇంటి ఓనరు అద్దె 1,500 పెంచారు. లెక్కల సారుకి 2,000 పెంచకపోతే ఆయన వేరే చోటికి వెళ్లిపోతారు. కరెంటు, జిరాక్సులు కలిపి మరో 500 పెరిగాయి. ఈ 4,000 అందరికీ పంచితే తలా వంద పడుతుంది. అంటే కొత్త ఫీజు 900.

అయితే ఈ లెక్క 40 మందీ ఉంటేనే నిలుస్తుంది. నలుగురు మానేస్తే వచ్చేది 32,400. నాలుగు వేల ఖర్చుకి నాలుగు వందలే చేతికొస్తాయి. పిల్లలు తగ్గారని అద్దె తగ్గదు, సారు జీతమూ తగ్గదు. అందుకే నోటీసులో రాసే నాలుగు ముక్కలకి అంత విలువ ఉంది.

తేదీ దగ్గరే ఎక్కువమంది తడబడతారు. మన దగ్గర బడులు సాధారణంగా జూన్ రెండో వారంలో తెరుస్తారు. స్కూలు ఫీజు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఆ నెలలోనే మీద పడతాయి. పెంపును జూలై 1కి జరిపి, మే నెలాఖరుకే చెప్పేస్తే ఇంట్లో సర్దుకోడానికి నెల రోజులు దొరుకుతాయి. ఆ నోటీసు ఇలా ఉండొచ్చు:

‘తల్లిదండ్రులకు నమస్కారం. జూలై 1 నుంచి నెల ఫీజు 800కి బదులు 900 రూపాయలు. గదుల అద్దె, లెక్కల సారు జీతం, కరెంటు ఖర్చు పెరగడమే కారణం. జూన్ ఫీజు జూలైలో కట్టినా పాత లెక్కే. వచ్చే మార్చి వరకు మళ్లీ పెంచం. ఇబ్బంది ఉన్నవారు సాయంత్రం ఏడు తర్వాత వచ్చి మాట్లాడండి.’

పాత బకాయి గురించిన ఆ వాక్యం లేకపోతే జూలై మొదటి వారమంతా తగవులే. రాయితీలు మాత్రం గ్రూపులో రాయకూడదు. ఒకరికి తగ్గించారని తెలిస్తే మిగతావాళ్లూ అడుగుతారు, తగ్గించిన ఇంటివాళ్లకూ నామోషీ.

కొందరు జీఎస్టీని కారణంగా చూపిస్తారు. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటని సెంటరుకి మామూలుగా ఆ రిజిస్ట్రేషనే అక్కర్లేదు. మన ఉదాహరణలో పెంచిన ఫీజుతోనూ ఏడాదికి 4,32,000 మాత్రమే. నోటీసులో జీఎస్టీ మాట కనిపిస్తే తల్లిదండ్రులు రిజిస్ట్రేషన్ నంబరు అడగొచ్చు.