మొదటి నెల వడ్డీ ఎవరి డబ్బు?

నెలకు నూటికి పది రూపాయలు ఇస్తామన్న స్కీములో లక్ష కట్టిన ఇంటికి మొదటి నెల పదివేలు వచ్చాయంటే ఆ రోజు పండగే. అంతవరకూ వద్దన్న నోళ్లు అప్పుడే మూతపడతాయి. ‘చూశావా, ఇచ్చాడుగా’ అంటాడు భర్త. ‘మా తమ్ముణ్ని కూడా చేర్పిద్దామండీ’ అంటుంది భార్య. డబ్బు రావడం ఆగినప్పుడు మోసపోయామని ఆ కుటుంబం అనుకుంటుంది కానీ, నిజానికి మోసపోయింది ఆ పదివేలు చేతికి అందిన రోజునే.

ఆ పదివేలు ఎక్కణ్నుంచి వచ్చాయి? ఈ ప్రశ్న మన ఇళ్లలో ఎవరూ అడగరు. లెక్క వేసి చూద్దాం.

ఒక ఊళ్లో పదిమంది లక్ష చొప్పున కట్టారనుకోండి. మొత్తం పది లక్షలు. చేర్పించిన ఏజెంటుకు కమీషన్ లక్ష. ఆఫీసుకీ కారుకీ సొంతానికీ కంపెనీవాడు మూడు లక్షలు తీశాడు. మిగిలింది ఆరు లక్షలు. పదిమందికీ పదివేల చొప్పున నెలకు లక్ష ఇవ్వాలి కాబట్టి ఆ సొమ్ము ఆరు నెలలకు సరిపోతుంది. వ్యాపారం లేదు, పంట లేదు, ఫ్యాక్టరీ లేదు. వాళ్ల డబ్బే వాళ్లకు ముక్కలు ముక్కలుగా తిరిగొస్తోంది, దానికి వడ్డీ అని పేరు. ఏడో నెలలో కూడా ఇవ్వాలంటే కొత్తవాళ్లు రావాలి. వస్తారు కూడా, ఎందుకంటే ఆరు నెలలు సక్రమంగా డబ్బు అందుకున్న పదిమంది ఊరంతా తిరిగి సాక్ష్యం చెబుతారు. అలా మరో ఇరవైమంది చేరితే మొత్తం ముప్ఫైమంది. ఇప్పుడు నెలకు మూడు లక్షలు పంచాలి. కొత్తగా వచ్చిన ఇరవై లక్షల్లో కమీషన్ పోను మిగిలేది పద్ధెనిమిది. అది మళ్లీ ఆరు నెలలే.

అంటే ఆరు నెలలకోసారి సభ్యులు మూడింతలు కావాలి. పది, ముప్ఫై, తొంభై, 270, 810, 2,430, 7,290. మూడేళ్లయ్యేసరికి ఒక మండలంలో చేరగలిగినవాళ్లంతా చేరిపోతారు. ఆ పైన చేరేవాడు దొరకడు. ఆ రోజు ఆఫీసుకు తాళం పడుతుంది. అప్పటికున్న 7,290 మందిలో 4,860 మంది చివరి విడతలో వచ్చినవాళ్లే. ఇలా మూడింతలవుతూ పెరిగిన స్కీము ఎప్పుడు కూలినా, ఎక్కడ కూలినా, ఎక్కువమంది ఆఖర్న చేరినవాళ్లే అవుతారు. ‘ముందు చేరి ముందే బయటపడదాం’ అని తెలివిగా ఆలోచించేవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. మీరు లాభంతో బయటపడితే, ఆ లాభం ఆఖర్న చేరిన ఏ కూలి తల్లో కూతురి పెళ్లికి దాచుకున్న సొమ్ము. నష్టపోతే ఒక దుఃఖం, లాభపడితే ఒక పాపం. మధ్యలో మూడో దారి లేదు.

పైగా చేరడం కూడా నేరమే. 1978లో కేంద్రం చేసిన ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం నడిపేవాణ్ని మాత్రమే కాదు, సభ్యుడిగా చేరేవాణ్నీ తప్పుపడుతుంది. ‘ఇద్దరిని చేర్పిస్తే మీ డబ్బు మీకు వచ్చేస్తుంది’ అని తోడల్లుణ్నీ వదినగారినీ తీసుకొచ్చేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

అగ్రిగోల్డ్‌ను తెలుగువాళ్లు మరిచిపోకూడదు. నెలనెలా చిన్న మొత్తాలు కట్టించుకుని, గడువు తీరాక స్థలమో డబ్బో ఇస్తామని చెప్పిన విజయవాడ సంస్థ అది. సుమారు 32 లక్షల ఖాతాదారుల నుంచి వసూలైంది దాదాపు 6,380 కోట్లు. కట్టించుకున్నది ఊరూపేరూ లేనివాళ్లు కాదు. పక్కవీధి ఏజెంటు, బంధువు, చిన్ననాటి స్నేహితుడు. డబ్బు రానప్పుడు జనం నిలదీసిందీ వాళ్లనే. అందుకే బాధితులు పెట్టుకున్న సంఘం పేరులో కస్టమర్లతో పాటు ఏజెంట్లు కూడా ఉన్నారు. చివరికి 2019లో పదివేల లోపు, 2021లో ఇరవైవేల లోపు కట్టినవాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖజానా నుంచి చెల్లించింది. అంటే ఆ స్కీముకు దూరంగా ఉన్నవాళ్లు కట్టిన పన్నులు కూడా అందులో పడ్డాయి.

ముందే గుర్తుపట్టడానికి ఒక కొలబద్ద ఉంది. డిపాజిట్లు తీసుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న ఫైనాన్స్ కంపెనీ సైతం ఏడాదికి 12.5 శాతానికి మించి వడ్డీ ఇవ్వకూడదు. మన ఊరి మాటల్లో అది రూపాయి వడ్డీకి కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి ఖాయంగా రెండు రూపాయలు, మూడు రూపాయలు ఇస్తానని డిపాజిట్ అడిగేవాణ్ని ఇంకేమీ అడగనక్కర్లేదు. అంతకంటే తక్కువ చెప్పినా సరే, అనుమతి ఉందో లేదో రిజర్వు బ్యాంకు వారి సచేత్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు, ఫిర్యాదు కూడా చేయవచ్చు.

లాటరీ సంగతి క్లుప్తంగా చెబుతాను. కేరళలో అది ప్రభుత్వమే నడుపుతుంది, 2022 ఓణం బంపర్ మొదటి బహుమతి 25 కోట్లు. ఆ ఒక్కడి ఫొటో అందరూ చూస్తారు, అయిదువందల టికెట్టు చింపి పారేసిన లక్షలమంది ఫొటోలు ఎవరూ వేయరు. మన దగ్గరకు ‘కేరళ లాటరీ’ అంటూ వాట్సాప్‌లో వచ్చేది మాత్రం అది కూడా కాదు. అక్కడి టికెట్టు కాగితం మీదే అమ్ముతారు. ఫోనులో అమ్మేవాడు దొంగ.

ఇక బెట్టింగ్, ఆన్‌లైన్ రమ్మీ. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. అయినా దొంగ యాప్‌లు వస్తూనే ఉన్నాయి. ఇక్కడ కన్నవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. కొడుకు అయిదు లక్షలు పోగొట్టాడని తెలియగానే పరువు కోసం పొలం అమ్మి అప్పు తీర్చేస్తారు, ‘ఇక ఆడనని ఒట్టు వెయ్’ అని వదిలేస్తారు. మహాభారతంలో ధర్మరాజు సర్వం ఓడాక, ద్రౌపది కోరిన వరాల వల్ల ధృతరాష్ట్రుడు అంతా తిరిగి ఇచ్చి పంపాడు. మళ్లీ పిలుపు రాగానే ధర్మరాజు వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం వచ్చింది ఆ రెండో ఆటలో. ధర్మం తెలిసినవాడికే ఆ గతి పడితే, అప్పు తీరిన ఇరవై రెండేళ్ల కుర్రవాణ్ని ఒట్టు ఆపుతుందా?

జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. కాబట్టి తిట్టడంతో సరిపెట్టకండి, అప్పు తీర్చడంతోనూ సరిపెట్టకండి. ముందు బాకీలన్నీ కాగితం మీద రాయించండి. మొదటిసారి చెప్పిన అంకెతో ఆగిపోవద్దు, ఇంకా ఉన్నాయేమో మెత్తగా మళ్లీ అడగండి. తీర్చదలచుకుంటే డబ్బు అతని చేతికివ్వకుండా అప్పులవాళ్లకే నేరుగా ఇవ్వండి. జీతం పడే ఖాతాను కొన్నాళ్లు ఇంట్లో మరొకరు చూసుకోవాలి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. అన్నం మానేసి, గది తలుపులు వేసుకుని కూర్చుంటే ఆ ఫోన్ అదే రోజు చేయండి, అతణ్ని ఒంటరిగా వదలకండి. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పండి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

ఇప్పటికే ఏదో స్కీములో ఉండి, నలుగురిని చేర్పించినవాళ్లు ఇది చదువుతుంటే వారికొక విన్నపం. మీ డబ్బు వచ్చిందా లేదా అన్నది తర్వాత. వచ్చే నెల వాయిదా కట్టకముందే ఆ నలుగురి ఇళ్లకూ వెళ్లి, ఇక కట్టవద్దని చెప్పండి.