మేత తీసిన రాత్రి కోడి కాలేయంలో ఏం జరుగుతుంది? గ్లైకోజన్‌పై గ్లూకగాన్, ఇన్సులిన్‌ల నియంత్రణ

మౌలాలి, తార్నాక ప్రాంతాల కోడిమాంసం దుకాణాల ముందు తెల్లవారుజామున దిగే బ్రాయిలర్ కోళ్లు అంతకు ముందు రోజు సాయంత్రం వరకు ఏదో ఒక షెడ్డులో మేత తిన్నవే. రాత్రి మేత పళ్లేలు పైకెత్తుతారు, కోళ్లను పట్టి క్రేట్లలో నింపుతారు, లారీ బయలుదేరుతుంది. కోత సమయానికి పేగుల్లో మేత మిగలకుండా ఉండడానికి మేత తీయడం మొదలు కోత వరకు మొత్తం 8 నుంచి 12 గంటల వ్యవధి పాటించాలని సాధారణంగా సూచిస్తారు. ఈ వ్యవధిపై రైతులు విస్తరణ శాస్త్రవేత్తలను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. లోడింగ్‌కు ముందు నీళ్లలో గ్లూకోజ్ గాని బెల్లం గాని కలిపి ఇస్తే కోడి నీరసపడకుండా, మాంసం నాణ్యత చెడకుండా ఉంటుందా? దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో సమాధానం చెప్పలేము. కాలేయంలోని గ్లైకోజన్, కండరంలోని గ్లైకోజన్ వేర్వేరు ఆజ్ఞలకు లోబడి ఉండడమే అందుకు కారణం.

ముందుగా ఒక చిన్న లెక్క చూద్దాం. రెండు కిలోల కోడికి కాలేయం సుమారు 40 గ్రాములు ఉంటుందనీ, బాగా మేసిన స్థితిలో అందులో 3 శాతం గ్లైకోజన్ ఉందనీ అనుకుందాం. అంటే నిల్వ 1.2 గ్రాములు. రక్తం శరీర బరువులో 7 శాతం చొప్పున 140 మిల్లీలీటర్లు. కోడి రక్తంలో గ్లూకోజ్ మనిషి కంటే ఎక్కువ, 100 మిల్లీలీటర్లకు 200 నుంచి 250 మిల్లీగ్రాములు. 230గా తీసుకుంటే రక్తం మొత్తంలో ఉన్నది 0.32 గ్రాములు మాత్రమే. కాలేయపు నిల్వ దానికి దాదాపు నాలుగు రెట్లు. మేత ఆగిన తర్వాత మొదటి గంటల్లో రక్తంలోని గ్లూకోజ్ పడిపోకుండా కాపాడేది ఈ నిల్వే. అయితే అది చిన్న నిల్వ. కొన్ని గంటల్లోనే చాలావరకు కరిగిపోతుంది. ఆపైన లాక్టేట్, అమైనో ఆమ్లాలు, గ్లిసరాల్ నుంచి కాలేయం గ్లూకోజ్‌ను కొత్తగా తయారు చేసుకోవలసి వస్తుంది. అందుకే 12 గంటలు ఉపవాసమున్న కోడికి కాలేయంలో గ్లైకోజన్ దాదాపు లేకపోయినా రక్తంలో గ్లూకోజ్ పెద్దగా తగ్గదు.

ఈ కరగడం ఎలా మొదలవుతుంది? రక్తంలో గ్లూకోజ్ కొద్దిగా తగ్గగానే క్లోమంలోని ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌ను విడుదల చేస్తాయి. పక్షుల్లో ఈ హార్మోను ప్రభావం చాలా బలమైనది. ఇన్సులిన్ పట్ల వాటి స్పందన మాత్రం క్షీరదాలతో పోలిస్తే తక్కువ. గ్లూకగాన్ కాలేయ కణంలోకి ప్రవేశించదు. కణత్వచంపై ఉన్న తన గ్రాహకాన్ని అంటుకుంటుంది. దానితో లోపలి వైపు అడినైలేట్ సైక్లేజ్ అనే ఎంజైమ్ చైతన్యం పొంది ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీని తయారు చేస్తుంది. సైక్లిక్ ఏఎంపీ ప్రోటీన్ కైనేజ్-ఎ అనే ఎంజైమ్‌ను దాని నిరోధక భాగం నుంచి విడిపిస్తుంది. విడుదలైన ఈ కైనేజ్ ఫాస్ఫారిలేజ్ కైనేజ్ అనే మరొక ఎంజైమ్‌కు ఫాస్ఫేట్‌ను తగిలిస్తుంది. అది మళ్లీ గ్లైకోజన్ ఫాస్ఫారిలేజ్‌కు, దాని గొలుసులో 14వ స్థానంలో ఉన్న సెరీన్ వద్ద, ఫాస్ఫేట్‌ను తగిలిస్తుంది. అంతవరకు మందకొడిగా ఉన్న ‘బి’ రూపం చురుకైన ‘ఎ’ రూపంగా మారి, గ్లైకోజన్ కొమ్మల చివరల నుంచి ఒక్కొక్క గ్లూకోజ్ ప్రమాణాన్ని గ్లూకోజ్-1-ఫాస్ఫేట్‌గా విడదీస్తుంది.

ఒక ఎంజైమ్ మరొక ఎంజైమ్‌ను మేల్కొల్పే ఈ అంచెల వరుసలో ప్రతి అంచె వద్ద సంకేతం పెరుగుతుంది. చైతన్యం పొందిన ఒక్క కైనేజ్ అణువు తర్వాతి ఎంజైమ్ అణువులను ఎన్నింటినో మారుస్తుంది. రక్తంలో అత్యల్ప మోతాదులో ఉండే హార్మోను నిమిషాల్లో గ్రాముల గ్లైకోజన్‌ను కదిలించగలగడానికి కారణం ఇదే.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడే విషయం ఒకటుంది. ఫాస్ఫేట్ తగలడమంటే ఎంజైమ్ పని మొదలవడమే అని వారు గుర్తుంచుకుంటారు. నిజానికి ఫాస్ఫేట్‌కు అటువంటి స్థిరమైన అర్థం లేదు. అదే ప్రోటీన్ కైనేజ్-ఎ గ్లైకోజన్‌ను నిర్మించే గ్లైకోజన్ సింథేజ్‌కు కూడా ఫాస్ఫేట్‌ను తగిలిస్తుంది. అక్కడ ఫలితం వ్యతిరేకం, సింథేజ్ మందగిస్తుంది. ఒకే ఫాస్ఫేట్ ఒక ఎంజైమ్‌ను నడిపి, మరొక దానిని ఆపుతుంది. ఈ ఏర్పాటు లేకపోతే విడదీసిన గ్లూకోజ్ పక్కనే మళ్లీ గొలుసులో చేరుతూ శక్తి వృథా అవుతుంది.

మేత తిన్న తర్వాత జరిగేది దీనికి ఎదురు ప్రయాణం. ఇన్సులిన్ పని గ్లూకగాన్ లేకపోవడం వల్ల వచ్చే ఫలితం మాత్రమే కాదు, దానికి సొంత మార్గం ఉంది. ఇన్సులిన్ గ్రాహకం నుంచి సంకేతం ఏకేటీ అనే కైనేజ్ వరకు సాగుతుంది. ఏకేటీ గ్లైకోజన్ సింథేజ్ కైనేజ్-3కు ఫాస్ఫేట్‌ను తగిలించి దానిని నిరోధిస్తుంది. సింథేజ్‌ను ఫాస్ఫేట్‌తో అణచి ఉంచే కైనేజ్ ఇదే కనుక, అది ఆగడంతో సింథేజ్‌పై కొత్త ఫాస్ఫేట్లు చేరవు. మరోవైపు ఫాస్ఫోడైఎస్టరేజ్ చురుకై సైక్లిక్ ఏఎంపీని తగ్గిస్తుంది. ఉన్న ఫాస్ఫేట్లను తొలగించే బాధ్యత ప్రోటీన్ ఫాస్ఫేటేజ్-1ది.

క్షీరదాల కాలేయంపై జరిగిన అధ్యయనాలు ఇందులో ఒక క్రమాన్ని వెల్లడించాయి. కాలేయంలోకి వచ్చిన గ్లూకోజ్ నేరుగా ఫాస్ఫారిలేజ్-ఎను అంటుకుని, దాని ఫాస్ఫేట్ బయటకు కనబడేలా చేస్తుంది. ఫాస్ఫేటేజ్ దానిని తొలగిస్తుంది. ఫాస్ఫారిలేజ్-ఎ ఎక్కువగా ఉన్నంతసేపు అది సింథేజ్‌పై పనిచేయవలసిన ఫాస్ఫేటేజ్‌ను అణచి ఉంచుతుంది. అది తగ్గిన తర్వాతే సింథేజ్ వంతు వస్తుంది. అంటే కాలేయం మొదట కరిగించడం ఆపి, ఆ తర్వాతే కట్టడం మొదలుపెడుతుంది.

ఈ మార్పులన్నింటిలో ఫాస్ఫేట్ ప్రధాన పాత్రధారి కనుక దానిని కొలిచే పద్ధతి లేకపోతే ఈ విజ్ఞానమే ముందుకు సాగేది కాదు. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి రూపొందించిన వర్ణ పరీక్షలో, మాలిబ్డేట్‌తో కలిసిన ఫాస్ఫేట్ క్షయకరణం చెంది నీలి రంగునిస్తుంది. రంగు గాఢతను బట్టి ఫాస్ఫేట్ పరిమాణం తెలుస్తుంది. ఫాస్ఫారిలేజ్‌ను కొలవడానికి చర్యను వెనక్కి నడిపిస్తారు. కాలేయ సారానికి గ్లైకోజన్, గ్లూకోజ్-1-ఫాస్ఫేట్ చేరిస్తే గ్లూకోజ్ గొలుసులో చేరి ఫాస్ఫేట్ విడుదలవుతుంది. ఆ ఫాస్ఫేట్‌ను ఫిస్కే-సుబ్బారావు పద్ధతితో కొలుస్తారు. ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ 1955లో కండరపు ఫాస్ఫారిలేజ్ ‘బి’ నుంచి ‘ఎ’గా మారడానికి ఏటీపీ అవసరమని చూపారు. 1992లో వారికి నోబెల్ బహుమతి లభించింది. సైక్లిక్ ఏఎంపీని కనుగొన్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లోనే ఆ గౌరవం దక్కింది.

మన ప్రయోగశాలలో ఈ కొలత చేసే విద్యార్థికి తప్పు జరిగే చోటు నమూనా సేకరణ. మేసిన కోడి, 12 గంటలు ఉపవాసమున్న కోడి కాలేయాలను పోల్చితే ఫాస్ఫారిలేజ్-ఎలో తేడా కనబడాలి. రెండూ సమానంగా వస్తే హార్మోన్లను శంకించే ముందు రెండు సంగతులు పరిశీలించాలి. మొదటిది, కోసిన తర్వాత కాలేయం ఎంతసేపు బయట ఉంది అన్నది. ఆక్సిజన్ అందని కాలేయంలో కొద్ది సేపట్లోనే ఫాస్ఫారిలేజ్ చైతన్యం పొంది గ్లైకోజన్ తరుగుతుంది. అప్పుడు మేసిన కోడి కాలేయం కూడా ఉపవాస కాలేయంలా కనబడుతుంది. ద్రవ నైట్రోజన్‌లో వెంటనే గడ్డకట్టించడమే దీనికి మార్గం. రెండవది, నూరేటప్పుడు వాడిన ద్రావణం. అందులో సోడియం ఫ్లోరైడ్ లేకపోతే ఫాస్ఫేటేజ్ పరీక్షనాళికలోనే ఫాస్ఫేట్లను తొలగించి ‘ఎ’ను ‘బి’గా మారుస్తుంది. ఈడీటీఏ లేకపోతే మెగ్నీషియం సాయంతో కైనేజ్ పని కొనసాగుతుంది. ఈ రెండూ ఉంటేనే కోడి చనిపోయిన క్షణంలోని స్థితి నిలిచి ఉంటుంది.

ఇప్పుడు రైతు ప్రశ్నకు వద్దాం. గ్లూకోజ్ కలిపిన నీళ్లు కాలేయానికి అందుతాయి. ఫాస్ఫారిలేజ్‌ను తగ్గించి, నిల్వ కరగడాన్ని కొంతసేపు వాయిదా వేస్తాయి. లారీ ఎక్కిన తర్వాత నీళ్లు ఉండవు కనుక ప్రయాణం సాగేకొద్దీ గ్లూకగాన్ ఆధిపత్యం తిరిగి వస్తుంది. ఆ ఉపకారం కొద్ది గంటలది మాత్రమే.

మాంసం నాణ్యత మాత్రం కాలేయంపై ఆధారపడదు. అది కండరంలోని గ్లైకోజన్‌కు సంబంధించినది. కండరంలో గ్లూకగాన్‌కు చెప్పుకోదగిన స్పందన లేదు. గ్లూకోజ్-6-ఫాస్ఫేటేజ్ లేకపోవడం వల్ల అక్కడి నిల్వ రక్తంలోకి గ్లూకోజ్‌గా రాదు. ఆకలి కాలేయాన్ని ఖాళీ చేసినంత వేగంగా కండరాన్ని ఖాళీ చేయదు. కండరాన్ని కదిలించేది భయంతో విడుదలయ్యే అడ్రినలిన్. అది కూడా సైక్లిక్ ఏఎంపీ మార్గాన్నే వాడుకుంటుంది. దీనికి తోడు కోడి రెక్కలు కొట్టుకున్నప్పుడు కండర కణంలో విడుదలయ్యే కాల్షియం ఫాస్ఫారిలేజ్ కైనేజ్‌ను నేరుగా ప్రేరేపిస్తుంది, అందుకు హార్మోనే అవసరం లేదు. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసిన కోడి రెక్కలు కొట్టుకునే ప్రతిసారీ గ్లైకోజన్ ఖర్చవుతూ ఉంటుంది.

ఆ ఖర్చు కోతకు చాలా ముందుగా, దీర్ఘంగా జరిగితే కోసిన తర్వాత లాక్టిక్ ఆమ్లంగా మారడానికి కండరంలో తగినంత గ్లైకోజన్ మిగలదు. సాధారణంగా రొమ్ము కండరపు పీహెచ్ 5.7 నుంచి 5.9 దగ్గర నిలుస్తుంది. గ్లైకోజన్ లేని కండరంలో అది అంతకంటే పైనే ఆగిపోయి, మాంసం ముదురు రంగులో ఉండి త్వరగా చెడిపోతుంది. కోతకు ముందు క్షణాల్లో తీవ్రంగా కొట్టుకుంటే వ్యతిరేక దోషం వస్తుంది. వేడి తగ్గకముందే పీహెచ్ వేగంగా పడిపోయి, పాలిపోయిన రంగుతో నీరు కారే మాంసం తయారవుతుంది. గ్లూకోజ్ నీళ్లు ఈ రెండింటిలో దేనినీ ఆపలేవు.

కాబట్టి మనం చెప్పవలసిన సలహా రెండు భాగాలు. మేత తీసే సమయాన్ని కోత సమయం నుంచి వెనక్కి లెక్కించి 8 నుంచి 12 గంటల మధ్య ఉంచాలి, లోడింగ్ వరకు నీళ్లు ఆపకూడదు. ఇది కాలేయానికి, పేగులకు సంబంధించినది. కోళ్లను మసక వెలుతురులో, శరీరం పట్టుకుని, రెక్కలు కొట్టుకోనివ్వకుండా క్రేట్లలో పెట్టాలి. ఇది కండరానికి సంబంధించినది. మొదటి దానిని పాటించి రెండవ దానిని వదిలేసిన షెడ్డు నుంచి వచ్చిన కోడికి బెల్లం నీళ్లు ఎన్ని పోసినా, కోసిన తర్వాత పీహెచ్ మీటరు ఆ సంగతిని బయటపెడుతుంది.