సందులో బండి తిప్పాలంటే లెక్క తెలియాలి

కారు కొనేవాళ్లు మైలేజీ అడుగుతారు, డిక్కీలో ఎంత సామాను పడుతుందో చూస్తారు. టర్నింగ్ రేడియస్ ఎంతని అడిగేవాళ్లు తక్కువ. సందులో ఇరుక్కున్నప్పుడు పనికొచ్చేది ఆ అంకెే.

స్విఫ్ట్ కారునే తీసుకుందాం. దాని టర్నింగ్ రేడియస్ 4.8 మీటర్లు. అంటే ఒకే ఊపులో యూటర్న్ తీసుకోవాలంటే దానికి రెట్టింపు, సుమారు 9.6 మీటర్ల వెడల్పు కావాలి. మన లెక్కలో 31 అడుగుల పైమాటే. బంపర్ మూల చక్రం కంటే బయటికి ఉంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే కావాలి. అందుకే ముప్పై అడుగుల రోడ్డులో కూడా ఆ కారు ఒక్కసారికి తిరగదు. ఇరవై అడుగుల సందులో అయితే ముందుకూ వెనక్కూ కదిలి తిప్పుకోవాలి. దీన్నే త్రీ పాయింట్ టర్న్ అంటారు. లైసెన్సు పరీక్షకు సంబంధించిన కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో, ముందు గేర్లు, రివర్స్ గేరు వాడి బండిని ఎదురు దిశకు తిప్పడం కూడా ఉంది.

ముందు ఎడమ అంచుకు చేర్చి ఆపాలి. రెండు వైపులా ఎవరూ రావడం లేదని చూసుకుని, బండి నెమ్మదిగా కదులుతుండగా స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పాలి. కుడి గోడ దగ్గరపడగానే ఆపి, ఈసారి స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పి రివర్స్ రావాలి. బండి ముక్కు ఇంకా కుడికే తిరుగుతుంది. వెనుక గోడ చేరకముందే ఆపి, మళ్లీ కుడికి తిప్పి ముందుకు పోవాలి. మూడు కదలికల్లో రాకపోతే అయిదు పడతాయి. తొందరపడితే వెనుక చక్రం మురుగు కాలువలో దిగుతుంది.

ఇక పన్నెండు అడుగుల సందు సంగతి. పన్నెండు అడుగులంటే సుమారు 3.66 మీటర్లు. స్విఫ్ట్ పొడవు దాదాపు 3.85 మీటర్లు. సందు కంటే కారే పొడవు! అక్కడ దాన్ని అడ్డంగా పెట్టడమే కుదరదు, ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా తిప్పలేడు. ఉన్నది రెండే దారులు: వచ్చిన దారినే రివర్స్‌లో వెళ్లడం, లేదా పక్క సందులోకి రివర్స్ చేసి ముక్కు ముందుగా బయటికి రావడం.

పక్క సందు కుడివైపు ఉంటే మేలు. మన బండ్లలో డ్రైవరు కుడివైపే కూర్చుంటాడు, కిటికీలోంచి మలుపు మూల స్పష్టంగా కనిపిస్తుంది. సందు మొగ దాటి ఆపి, మెల్లగా వెనక్కి వస్తూ, వెనుక చక్రం మలుపు మూలకు వచ్చాక స్టీరింగ్ కుడికి తిప్పాలి. చాలామంది మరిచేది ఇక్కడే: వెనుక భాగం కుడికి పోతుంటే ముందు ఎడమ మూల బయటికి విసురుతుంది. అందరి చూపూ వెనకే ఉంటుంది, గీతలు పడేది ముందు బంపర్‌కు. ఒక్కసారికి రాకపోతే కాస్త ముందుకు పోయి సరిచేసుకోవాలి.

2019 జులై నుంచి కొత్త కార్లకు వెనుక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి. అవి గోడను చెబుతాయిగానీ గుంటను చెప్పవు, సన్నని కడ్డీలను, నేలకు దగ్గరగా ఉన్నవాటిని వదిలేయవచ్చు. కూర్చుని ఆడుకునే పసిపిల్లలు అద్దాల్లోనూ కనిపించరు. ఇళ్లున్న సందులో రివర్స్ చేసేముందు ఒకసారి దిగి వెనక్కి చూడటమే నమ్మకమైన పద్ధతి. ‘రానీ, రానీ’ అనే మనిషి ఉంటే, అతను బండికి సరిగ్గా వెనుక కాక, అద్దంలో కనిపించేలా పక్కన నిలబడాలి. అద్దంలోంచి మాయమైతే వెంటనే బ్రేకు వేయాలి.

సందులో చెల్లేది పెద్ద రోడ్డు మీద చెల్లదు. యూటర్న్ నిషేధమని బోర్డు ఉన్న చోట, నడుమ తెగకుండా గీసిన గీత ఉన్న చోట తిప్పకూడదు. వన్‌వేలోకి రివర్స్‌లో వెళ్లడమూ నిషేధమే. ‘ముక్కు సరైన వైపే ఉంది కదా’ అన్న వాదన నిలవదు, చట్టం చూసేది బండి కదిలే దిశను. 2019 సవరణ తర్వాత, అనుమతించిన దిశకు ఎదురుగా నడపడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్ ప్రమాదకర డ్రైవింగ్ కింద చేర్చింది. ప్రమాదానికి దారితీసేలా ఉంటే జరిమానాతో పాటు జైలు శిక్షకూ వీలుంది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోతే కొందరు అంచున ఆపి రివర్స్ చేస్తుంటారు. వెనుక గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు ముందుకొస్తుంది. ముందున్న కారు వెనక్కి వస్తోందని ఆ డ్రైవరు పోల్చుకునేలోపే ఆ దూరం కరిగిపోతుంది. ఎగ్జిట్ తప్పితే తర్వాతి ఎగ్జిట్ దాకా వెళ్లి దిగండి. పోయేది కాస్త పెట్రోలు, కాస్త సమయం మాత్రమే.