అక్షరం ఆలస్యంగా ఎందుకు వస్తుంది?

రాత్రి షిఫ్టులో హైదరాబాద్ ఇంట్లో కూర్చుని, అమెరికాలోని వర్జీనియాలో ఉన్న ఆఫీసు కంప్యూటర్‌ను రిమోట్ డెస్క్‌టాప్‌తో నడిపేవాళ్లు చాలామందే ఉన్నారు. కీ నొక్కాక అక్షరం కాస్త ఆగి కనబడుతుంది. నెట్ చాలడం లేదనుకుని 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 300కి మారుస్తారు. అయినా అక్షరం అంతే ఆలస్యంగా వస్తుంది.

ఎందుకంటే నొక్కిన కీ సమాచారం ముందు వర్జీనియా చేరాలి, అక్కడి కంప్యూటర్ అక్షరాన్ని గీయాలి, ఆ బొమ్మ తిరిగి మన దగ్గరకు రావాలి. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. రానూపోనూ 26 వేల కిలోమీటర్లంటే, తిన్నగా పోయినా దాదాపు 130 మిల్లీసెకన్లు. కేబుళ్లు చుట్టూ తిరిగి వెళ్తాయి కాబట్టి పింగ్ 200 దాటడం మామూలే. దీన్నే లేటెన్సీ అంటారు. ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా ఈ దూరం తగ్గదు.

బ్యాండ్‌విడ్త్ చాలకపోతే లక్షణం వేరుగా ఉంటుంది. రిమోట్ కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి గబగబా ఒక వాక్యం టైప్ చేయండి. అక్షరాలన్నీ ఒకే తీరున వెనకబడి వస్తుంటే అది లేటెన్సీ. టైపింగ్ బాగానే ఉండి, ఫొటోలున్న పేజీని స్క్రోల్ చేసినప్పుడు బొమ్మ ముక్కలుగానో మసకగానో వచ్చి తర్వాత తేరుకుంటే అది బ్యాండ్‌విడ్త్ సమస్య. పింగ్ ఒకసారి 230, మరోసారి 600 చూపిస్తుంటే ముందు వైఫై మాని కేబుల్ పెట్టి చూడాలి. అదే సమయంలో ఇంట్లో ఎవరైనా పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తున్నారేమో కూడా అడగాలి.

రిజల్యూషన్, రంగులు ప్రభావం చూపేది ఈ రెండో సమస్య మీదే. 1920×1080 తెర మీద సుమారు 20 లక్షల చుక్కలుంటాయి. 24 బిట్ల రంగులో చుక్కకు 3 బైట్లు, అంటే ఒక్క తెర బొమ్మకే 6 ఎంబీ. అంతా పంపడం సాధ్యం కాదు కనుక మారిన భాగాన్నే కుదించి పంపుతారు. అందుకే ఎక్సెల్ హాయిగా నడుస్తుంది, వీడియో తడబడుతుంది. 4కే తెరకు చుక్కలు నాలుగింతలు. విండోస్‌లో mstsc తెరిచి, Display ట్యాబ్‌లో 1366×768 పెడితే చుక్కలు సగమవుతాయి. Experience ట్యాబ్‌లో వాల్‌పేపర్, యానిమేషన్లు తీసేయడమూ మేలే. రంగును 16 బిట్లకు దించడం మాత్రం నా లెక్కలో ఆఖరి మార్గం. కొత్త వెర్షన్లు బొమ్మను వీడియోలాగే కుదిస్తాయి, కాబట్టి లాభం తక్కువ. పైగా ఫొటోల్లో రంగులు చారలుగా కనబడతాయి.

లేటెన్సీకి మందు దూరం తగ్గించడమే. క్లౌడ్ మెషీన్‌ను ఎంచుకునే వీలుంటే ముంబైలోనో హైదరాబాద్‌లోనో తీసుకోవాలి. అయితే డేటాబేస్ వర్జీనియాలోనే ఉంటే టైపింగ్ చురుగ్గా సాగుతుంది కానీ, రిపోర్టు తెరిచిన ప్రతిసారీ ఆ ఆలస్యం మళ్లీ ఎదురవుతుంది.