శక్తి మెట్లను కట్టేది గోడలే

ఒక నానోమీటరు వెడల్పున్న పెట్టెలో ఎలక్ట్రాన్‌ను బంధించామనుకుందాం. గోడలు దాటడం దానికి అసాధ్యం. లోపల దాని శక్తిని తెలిపే ఆపరేటర్ −(ħ²/2m) d²/dx². ఇది పనిచేశాక అదే తరంగ ప్రమేయం ఒక సంఖ్యతో గుణితమై తిరిగొస్తే, ఆ సంఖ్యే ఐగెన్ విలువ, అంటే శక్తి.

sin kx ను రెండుసార్లు అవకలనం చేస్తే −k² sin kx వస్తుంది. సమీకరణానికి ఏ k అయినా సరే. ఎంపిక చేసేది గోడలు: x = 0, x = L దగ్గర ప్రమేయం సున్నా కావాలి. అందుకే kL = nπ, E = n²π²ħ²/2mL². n = 0 అయితే ప్రమేయం అంతటా సున్నాయే; ఎలక్ట్రానే లేనట్టు. కనుక కనిష్ఠ శక్తి సున్నా కాదు.

మన పెట్టెలో తొలి స్థాయి సుమారు 0.38 ఎలక్ట్రాన్ వోల్టులు, రెండోది దానికి నాలుగింతలు. లెక్కలో ముందుగా సరిహద్దు నియమాలు రాయండి. అవి లేనిదే విడివిడి స్థాయిలు రావు.