పెద్దసారు మెచ్చుకుంటే ఏమనాలె?

ఓ ఊర్ల పంచాయతీ సెక్రటరీగా చేసే పిల్లగాడు ఉన్నడనుకుందాం. ఊర్ల 412 ఇండ్లున్నయ్. ఫిబ్రవరి ఆఖరుకు 250 ఇండ్ల పన్నే వసూలైంది. పగటిపూట జనం చేన్లల్లనే ఉంటరని ఈయన కారోబార్‌ను తీస్కొని నెలరోజులు మాపటీలి ఇల్లిల్లు తిరిగిండు. చనిపోయినోళ్ల పేర్ల మీదున్న ఇండ్లను వేరే రాసుకొని వాళ్ల కొడుకులతోని మాట్లాడిండు. మార్చి 31 నాటికి 380 ఇండ్లు కట్టినయ్. మండల మీటింగ్‌ల ఎంపీడీవో సారు అందరి ముంగట, "ఈసారి మంచిగ వసూలు చేసినవయ్యా, బాగా కష్టపడ్డవ్" అన్నడు. ఇప్పుడు లేచి ఏమనాలె?

మనకు నోటికొచ్చే జవాబులు రెండే. ఒకటి, "నాదేముంది సార్, ఏదో అట్ల అయిపోయింది." రెండోది, "అంతా మీ దయ సార్, మీలాంటి ఆఫీసర్ దొరుకుడు మా అదృష్టం." ఇదేదో మనకొక్కరికే ఉన్న ఇబ్బంది గాదు. అనిటా పొమెరాంట్జ్ అనే అమెరికా పరిశోధకురాలు జనం మాటలను గమనించి 1978లనే దీని గురించి రాసింది. ఎదుటిమనిషి మాటకు అవుననాలె, గాని సొంత డబ్బా కొట్టుకోవద్దు. మెచ్చుకోలు వచ్చినప్పుడు ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం పడుతయ్. అందుకే జనం పనిని తక్కువ చేసి చెప్తరు, లేకుంటే మెప్పును తిప్పి ఎదుటోళ్లకే అప్పజెప్తరు.

"నాదేముంది" అంటే వినయం లెక్కనే వినిపిస్తది. గాని సారు చూసింది తప్పన్నట్టు అయితది. ఆయన "లేదయ్యా, నిజంగనే చేసినవ్" అని మళ్లొకసారి చెప్పాల్సొస్తది. పైగా కారోబార్ పడ్డ కష్టం గూడ అండ్లనే కొట్టుకపోతది. మాపటీలి తిరిగితే జనం దొరుకుతరన్న సంగతి పక్కూరి సెక్రటరీకి తెల్వకుంటనే పోతది. "అంతా మీ దయ" అంటే ఇంకో తిప్పలు. మాట పన్ను మీదికెళ్లి సారు మీదికి పోతది. పక్కనున్నోళ్లు ముసిముసిగ నవ్వుతరు. రేపు ఇదే పిల్లగాడు అంతా మంచిగుందని రిపోర్ట్ ఇస్తే, ఇది గూడ నన్ను ఖుషీ చేసేటందుకేనా అని సారుకే అనుమానమొస్తది.

మరి ఎట్ల చెప్పాలె? "థాంక్స్ సార్. మాపటీలి తిరిగితే జనం దొరికిన్రు. మా కారోబార్ రోజూ నాతోని వచ్చిండు. ఇంక 32 ఇండ్లున్నయ్, శానామంది వలసపోయినోళ్లు, ఫోన్లు చేస్తున్నం." గంతే, చెప్పి కూసోవాలె. ఇండ్ల ముందుగాల మెప్పును తీస్కున్నడు. ఆ తర్వాత పని ఎట్లయిందో, ఎవరు తోడున్నరో చెప్పిండు. ఆఖరుకు మిగిలిందేందో చెప్పిండు. పని తక్కువ గాలేదు, గొప్పలూ లేవు. మిగిలిన 32 ఇండ్లు చెప్పినంక డబ్బా కొట్టుకున్నడని ఎవరూ అనలేరు.

సారు సాయం నిజంగనే ఉంటే అది గూడ చెప్పాలె. అయితే "మీ దయ" అని గాదు, ఆయన ఏం చేసిండో అదే చెప్పాలె. "డిమాండ్ రిజిస్టర్ ఎట్ల సరిచేయాలో జనవరిల మీరే చూపెట్టిన్రు సార్, అది పనికొచ్చింది." చేసిన పని పేరు చెప్తే అది కృతజ్ఞత. పని లేకుంట మనిషినే పొగిడితే అది కాకా పట్టుడు. ఇగ మెప్పు తప్పు మనిషికొస్తే ఆన్నే సరిచేయాలె. "ఆ పేర్ల లిస్టు నేను రాయలే సార్, కారోబార్ రాసిండు" అనుడు వినయం గాదు, లెక్క చెప్పుడు.

ఇంట్ల పెద్దోళ్ల కాడ తీరు కొంచెం మారుతది. "పంట మంచిగ తీసినవ్ బిడ్డా" అన్న పెద్దబాపుకు థాంక్స్ చెప్తే బయటోనికి చెప్పినట్టుంటది. "అవ్ పెద్దబాపు, ఈసారి మంచిగనే పండింది. నువ్వు జెప్పినట్టు నారు ముందుగాల్నే పోసిన" అంటే సాలు. పేరు మారింది, పద్ధతి అదే.

జవాబు సరిగ్గుందా లేదా అని ఎట్ల తెలుస్తది? ఎదుటాయన మెచ్చుకోలు రెండోసారి చెప్పాల్సొస్తే మీరు బాగా తగ్గినట్టు. మీ జవాబు ఆయన మెప్పుకంటే శానా పొడుగై, అండ్ల పని కంటే ఆయన పేరే ఎక్కువుంటే మీరు పొగడ్తలకు దిగినట్టు. జవాబు విన్నంక సారు "ఆ 32 ఇండ్ల సంగతేంది?" అని అడిగిండంటే మాట మళ్ల పని కాడికే వచ్చింది. అట్లయితే జవాబు సరిగ్గనే పడ్డట్టు.