డైరెక్టర్లు సంతకం పెట్టే ఆరు మాటలు

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తన బోర్డుకు ఒక లేఖ రాశారు. 2008 సెప్టెంబరు 30 నాటి బ్యాలెన్స్ షీటులో నగదు, బ్యాంకు నిల్వల కింద 5,361 కోట్ల రూపాయలు ఉన్నాయి. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆ లేఖ సారాంశం. అంటే నిజంగా ఉన్నది 321 కోట్లే. హైదరాబాదులో ఆ షేర్లు కొనుక్కున్న చాలామంది అంతకుముందు కంపెనీ పంపిన వార్షిక నివేదికలు తెరిచి చూసి ఉండరు. చూసినా, అందులో డైరెక్టర్ల బాధ్యతా ప్రకటన అనే పేరా దగ్గర ఆగి ఉండరు.

ఆ ప్రకటన 2000లో కంపెనీల చట్టానికి చేసిన సవరణతో వచ్చింది. సత్యం నాటికి అందులో నాలుగు అంశాలుండేవి. లెక్కలు అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం రాశాం. ఎంచుకున్న పద్ధతులను ఏటా ఒకేలా పాటించాం, వేసుకున్న అంచనాలు సమంజసమైనవి. ఆస్తులను కాపాడటానికి, మోసాలను అరికట్టి కనిపెట్టడానికి తగిన శ్రద్ధ తీసుకున్నాం. కంపెనీ ఇకముందూ నడుస్తుందన్న లెక్కన ఖాతాలు తయారుచేశాం. వాటాదారులకు బోర్డు ఇచ్చే మాట ఇదీ.

వీటిలో మూడోదాన్ని జాగ్రత్తగా చదవాలి. మోసం జరగలేదని డైరెక్టర్లు చెప్పడం లేదు. జరగకుండా శ్రద్ధ తీసుకున్నామని మాత్రమే అంటున్నారు. మోసం బయటపడినప్పుడు ఈ మాట అబద్ధమని నిరూపించాలంటే ఏ శ్రద్ధ తీసుకోవాల్సింది, ఏది తీసుకోలేదు అని విడిగా తేల్చాలి. మోసం చేసేవాళ్లే ఆ సంతకం పెట్టేవాళ్లయితే ఆ పేరా కాపలా కాసేదేమీ ఉండదు. సత్యం కేసులో 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు రాజుతో సహా పదిమందిని దోషులుగా తేల్చింది.

2013లో వచ్చిన కొత్త కంపెనీల చట్టం 134వ సెక్షన్‌లో ఆ నాలుగింటికి మరో రెండు చేర్చింది. లిస్టెడ్ కంపెనీ అయితే, డబ్బు వ్యవహారాల మీద అంతర్గత నియంత్రణలు ఏర్పాటు చేశామని, అవి సరిపోయేంత ఉన్నాయని, సరిగా పనిచేస్తున్నాయని చెప్పాలి. వర్తించే చట్టాలన్నీ పాటించేందుకు తగిన వ్యవస్థలున్నాయని ఏ కంపెనీ బోర్డైనా చెప్పాలి. ఉద్దేశాల కంటే ఇవి గట్టి మాటలు. చెక్కు మీద ఎందరు సంతకం చేయాలి, డిపాజిట్ రసీదును బ్యాంకుతో ఎవరు సరిచూడాలి అన్నవాటికి కాగితం ఉందా, దాని ప్రకారం నడుస్తోందా అని ఎవరైనా పరీక్షించవచ్చు.

ఈ ప్రకటన విడిగా రాదు, బోర్డు నివేదికలో ఒక భాగం. ఆ నివేదికలో వ్యాపార స్థితి, డివిడెండు, బోర్డు సమావేశాల సంఖ్య, సామాజిక బాధ్యత ఖర్చు వంటివన్నీ ఉంటాయి. మామూలు వాటాదారుకు నేనైతే మూడు చోట్లు చూడమంటాను. మొదటిది, ఆర్థిక సంవత్సరం ముగిశాక నివేదిక తేదీలోపు కంపెనీ స్థితిని మార్చేసిన సంఘటనలు. మార్చి 31 నాటి లెక్కలు చేతికి వచ్చేసరికి నెలలు గడుస్తాయి, ఆలోపు పెద్ద కాంట్రాక్టు పోయి ఉండవచ్చు. రెండోది, డైరెక్టర్లకు, వాళ్ల కుటుంబాలకు సంబంధించిన సంస్థలతో లావాదేవీలు. 2008 డిసెంబరులో రాజు కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను కొనబోయి సత్యం వెనక్కి తగ్గిన సంగతి గుర్తుంటే ఈ పద్దు ఎందుకో అర్థమవుతుంది. మూడోది, ఆడిటర్ వేలెత్తి చూపిన లోపాలకు బోర్డు ఇచ్చే వివరణ. ఆడిటర్ అభ్యంతరం చెబితే దానికి జవాబివ్వక తప్పదు. ‘సరిచూసుకుంటున్నాం’ అని ఒక్క ముక్కతో సరిపెడితే అది వివరణ కాదు.

ఆడిటర్ కంట పడిన మోసం కోటి రూపాయలు, అంతకు మించినదైతే ఆయన కేంద్ర ప్రభుత్వానికి తెలపాలి. అంతకు తక్కువైతే బోర్డుకో, ఆడిట్ కమిటీకో చెబుతారు, దాన్ని బోర్డు తన నివేదికలో రాయాలి. చిన్న మోసమే కదా అని మింగేయడానికి లేదు.

ఈ నిబంధనలు తప్పితే ఇప్పుడు కంపెనీకి 3 లక్షల రూపాయలు, బాధ్యులైన అధికారికి 50 వేల జరిమానా. 2020 సవరణకు ముందు మూడేళ్ల వరకు జైలు శిక్షకూ వీలుండేది. అయితే తెలిసి అబద్ధం రాస్తే మాత్రం మోసం సెక్షన్ కిందికి వస్తుంది, అక్కడ జైలు శిక్ష అలాగే ఉంది.

అంతర్గత నియంత్రణల మీద ఆడిటర్ కూడా తన నివేదికలో అభిప్రాయం రాస్తారు. బోర్డు ‘సరిగా పనిచేస్తున్నాయి’ అన్న వాక్యాన్ని ఆ అభిప్రాయం పక్కన పెట్టి చదవండి. ఆడిటర్ లోపముందంటే, బోర్డు ఏమీ లేదంటే, ఏ నియంత్రణ గురించి ఆ తేడా వచ్చిందో వార్షిక సర్వసభ్య సమావేశంలో పేరుపెట్టి అడగవచ్చు.